వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర: కౌన్సెలింగ్ రోల్‌ప్లేకు మార్కులు వేసిన అనుభవం

ఫార్మ్.డి విద్యార్థుల కౌన్సెలింగ్ పరీక్షకు మేము తరచుగా పెట్టే మందు మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి రాసే తక్కువ డోసు. మన దగ్గర చీటీ మీద 1-0-1 అని చూసీచూసీ మాత్ర అంటే రోజూ వేసుకునేదేనని అందరికీ అలవాటైపోయింది. ఈ మందు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే కొన్ని రోజుల్లోనే నోరంతా పుండ్లు పడతాయి, తెల్లరక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదకు వస్తుంది. అంటే విద్యార్థి ఎంత చక్కగా మాట్లాడాడన్నది ఒక ఎత్తయితే, పేషెంట్ ఏం అర్థం చేసుకుని బయటికి వెళ్ళిందన్నది ఇంకో ఎత్తు. ఈ రెంటినీ విడదీసి చూపించడానికి ఇంతకంటే మంచి మందు మాకు దొరకలేదు.

కేసు ఇలా ఉంటుంది. పేషెంట్ పేరు సత్యవతి అని పెట్టాం. వయసు 34, ఒక బిడ్డ. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని ఈ మధ్యే తేలింది. చీటీలో మెథోట్రెక్సేట్ 2.5 మి.గ్రా. మాత్రలు ఆరు, అంటే 15 మి.గ్రా., వారానికి ఒకసారి. మరో రోజు ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఒకటి. నాలుగు వారాలకు సరిపడా, అంటే మెథోట్రెక్సేట్ 24, ఫోలిక్ యాసిడ్ 4. విద్యార్థికి ఈ చీటీ, మాత్రలు, ఒక పెన్ను, ఖాళీ కాగితం కవర్లు ఇస్తాం. ఎనిమిది నిమిషాలు టైము.

పేషెంట్ పాత్రను తోటి విద్యార్థులకు ఇవ్వం. ఇస్తే వాళ్ళు స్నేహితుడు మరిచిపోయిన విషయాన్ని తామే అడిగి గుర్తుచేస్తారు, తెలియకుండానే. డిపార్ట్‌మెంట్‌తో సంబంధం లేని ఒక ఉద్యోగినికి ముందుగా స్క్రిప్టు ఇచ్చి, ఏ ప్రశ్నకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో సాధన చేయిస్తాం. ఆ స్క్రిప్టులో అడిగితేనే బయటపడే సంగతులు మూడు. నొప్పి ఎక్కువైనప్పుడు వీధిలోని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకుంటుంది. వచ్చే ఏడాది రెండో బిడ్డ కోసం అనుకుంటున్నారు, ఆ మాట డాక్టరుకు చెప్పలేదు. శనివారం ఒంటిపూట ఉంటుంది. వీటితోపాటు విద్యార్థి అడిగినా అడక్కపోయినా తనంతట తాను అనాల్సిన మాట ఒకటి ఉంది: "ఇది క్యాన్సర్ మందట గదండీ, ఫోన్‌లో చూశాను."

మార్కులు మొత్తం 20. వివరణకు 4, ప్రశ్నలకు 4, సానుభూతికి 4, మందు సలహా కచ్చితత్వానికి 8. కచ్చితత్వానికి రెట్టింపు ఎందుకంటే మిగతా మూడూ ఉన్నది దానికోసమే. దానిమీద ఇంకో నియమం కూడా ఉంది. వారానికి ఒక్కరోజే అన్న సంగతి పేషెంట్‌కు స్థిరపడకుండా వదిలేసినా, మరిచిపోయిన డోసుకు వచ్చే వారం రెట్టింపు వేసుకోమన్నా, గర్భం సంగతి అసలు ఎత్తకుండా పంపించినా ప్రమాదకరమైన తప్పుగా లెక్క. అప్పుడు కచ్చితత్వంలో 2 మించి రావు, మొత్తం ఎంత వచ్చినా మళ్ళీ పరీక్షకు రావాల్సిందే. ఈ నియమాన్ని విద్యార్థులకు ముందే చెబుతాం. దాచిపెట్టి పట్టుకునే ఆట కాదిది.

ఇద్దరం పరీక్షకులం విడివిడిగా కూర్చుంటాం. మార్కుల కాగితంలో ప్రతి అంశం పక్కన చిన్న ఖాళీ ఉంటుంది. అందులో విద్యార్థి అన్న మాటనే రాయాలి, మన అభిప్రాయం కాదు. "బాగా అడిగాడు" అని రాస్తే తర్వాత దాన్ని ఎవరూ తేల్చలేరు. "నొప్పి మరీ ఎక్కువైనప్పుడు ఏం చేస్తారు?" అని అతను అడిగిన మాట రాసుకుంటే, అది మార్కు ఇచ్చే ప్రశ్నో కాదో ఇద్దరం కలిసి చూడొచ్చు. కాగితంలో కచ్చితత్వం పట్టికను పైన పెట్టాం, సానుభూతిని అడుగున. ధాటిగా, నవ్వుతూ మాట్లాడే విద్యార్థిని చూస్తే అతను చెప్పినవన్నీ సరైనవే అనిపిస్తుంది. ముందు టిక్కులు పడిపోతే ఆ ప్రభావం కొంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం అనలేను.

కచ్చితత్వంలో ఎనిమిది సంగతులకు ఒక్కో మార్కు. ప్రతి వారం అదే రోజు, ఆ రోజే ఆరు మాత్రలూ. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. గుణం కనిపించడానికి సుమారు ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందని, ఈలోగా మానేయకూడదని. వెంటనే డాక్టరుకు చెప్పాల్సిన లక్షణాలు, అంటే జ్వరం, గొంతునొప్పి, నోటిపూత, పొడిదగ్గు, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, వీటిలో కనీసం మూడు. రక్తపరీక్షలు ఎందుకు, ఎప్పుడు. గర్భం సంగతి. వేరే మందులు, మద్యం. చివరిది, డోసు మరిచిపోతే ఏం చేయాలో. ఈ ఆఖరిదానికి మేము అంగీకరించే జవాబు: రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, అది దాటితే ఆ వారం వదిలేసి మామూలు రోజునే వేసుకోవాలి, ఎట్టి పరిస్థితిలోనూ రెట్టింపు చేయకూడదు. "సరిగ్గా గుర్తులేదండీ, పుస్తకం చూసి ఇప్పుడే చెబుతాను" అని చూసి చెప్పినా పూర్తి మార్కే. ఊహించి చెప్పడంకన్నా అదే మేలు.

ఇప్పుడు ఒక విద్యార్థి రోల్‌ప్లే తీసుకుందాం. ఇద్దరు పరీక్షకుల మార్కులు బాగా తేడా వచ్చిన కేసు కాబట్టి దీన్ని ఎంచుకున్నాను.

అబ్బాయి లోపలికి వచ్చి నమస్కారం పెట్టి, తానెవరో చెప్పి, "మీ మందుల గురించి కాసేపు మాట్లాడొచ్చా అండీ?" అని అడిగాడు. ఆ వెంటనే, "ఈ మందు దేనికని డాక్టరుగారు చెప్పారు? ఎలా వేసుకోమన్నారు?" అన్నాడు. చాలా మంచి మొదలు. పేషెంట్‌కు ఇప్పటికే ఏం తెలుసో, ఏం తప్పుగా తెలుసో ఈ రెండు ప్రశ్నల్లోనే బయటికొస్తుంది. సత్యవతి స్క్రిప్టు ప్రకారం, "కీళ్ళ నొప్పులకన్నారు. ఎలా వేసుకోవాలో మందుల దగ్గర చెబుతారన్నారు" అంది.

తర్వాతే జారాడు. "మీకు షుగరు, బీపీ ఏమైనా ఉన్నాయా, అలర్జీలున్నాయా, వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని ఒక్క గుక్కలో అడిగేశాడు. ఇలా గుంపుగా అడిగితే ఒకే మాట చెప్పాలని పేషెంట్‌కు మేము నేర్పాం: "లేవండి." నిజజీవితంలోనూ అదే జరుగుతుంది. పైగా షాపులో కొనుక్కునే నొప్పి మాత్రను చాలామంది "వాడుతున్న మందు" కింద లెక్కేయరు. మందంటే డాక్టరు రాసింది. అందుకే ఇక్కడ పనికొచ్చే ప్రశ్న నొప్పి చుట్టూ ఉండాలి, మందు చుట్టూ కాదు. గర్భం విషయంలోనూ ఇదే తంతు. "ప్రెగ్నెన్సీ ఏమన్నా ఉందా అండీ?" అన్నాడు, "లేదండి" అంది. ఇప్పుడు లేదన్నది నిజమే. ముందుముందు పిల్లల కోసం అనుకుంటున్నారా అని అడగలేదు కాబట్టి ఆ సంగతి దాగే ఉంది. చాలామంది మగపిల్లలు ఇక్కడ మొహమాటపడి గొంతు తగ్గించేస్తారు. అడిగే ముందు, "ఈ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి అందరినీ అడుగుతాం" అని ఒక్క ముక్క చెబితే ఇద్దరికీ ఇబ్బంది పోతుంది.

ప్రశ్నలకు ఇద్దరం 2 వేశాం. మొదటి రెండు ప్రశ్నలకు ఆ రెండు. మూడు దాగిన సంగతుల్లో ఒక్కటీ బయటికి రాలేదు. శనివారం ఒంటిపూట సంగతి కూడా. మాత్రకు రోజు తానే ఆదివారమని నిర్ణయించేశాడు, అది యాదృచ్ఛికంగా శనివారం కాలేదు. "మీకు ఏ రోజైతే గుర్తుంటుంది, ఏ రోజు కుదురుతుంది?" అని అడిగి పేషెంట్ చేతే రోజు చెప్పిస్తే ఆ రోజు నిలబడుతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది కాబట్టి ఉపవాసం రోజు తెలుసుకోవడం ఉత్త మర్యాద కాదు.

వివరణ బాగుంది. కవరు మీద పెద్దగా "ఆదివారం మాత్రమే - 6" అని తెలుగులో రాశాడు, రెండో కవరు మీద "సోమవారం - 1" అని. మాత్రలు ఆరు లెక్కపెట్టి చేతిలో చూపించాడు. "మీ ఒంట్లోని రక్షణ శక్తి పొరపాటున మీ కీళ్ళ మీదే దాడి చేస్తోంది, ఈ మందు దాన్ని నెమ్మదింపజేస్తుంది, అందుకే గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు" అన్నాడు. పని తీరు, ఆలస్యానికి కారణం రెండూ ఒకే వాక్యంలో వచ్చాయి. ఒక మార్కు పోయింది ఎక్కడంటే, హెచ్చరిక లక్షణాల దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషులోకి దూకాడు: "స్టొమటైటిస్, ఇన్ఫెక్షన్ సింప్టమ్స్ ఏమైనా ఉంటే రిపోర్ట్ చేయండి." సత్యవతి ఆ మాటకు అయోమయంగా చూడాలని స్క్రిప్టులో ఉంది, చూసింది. అతను గమనించి, "అంటే నోరు పూసినా, జ్వరమొచ్చినా, గొంతు నొప్పిపెట్టినా" అని సరిచేశాడు. సరిచేసినందుకే 3, లేకపోతే 2. ఇంగ్లీషు మాట వాడటమే తప్పని కాదు. బీపీ, షుగరు, టెస్టులు, స్కానింగు అందరికీ తెలిసినవే. పాఠ్యపుస్తకంలోని మాట నేరుగా నోట్లోంచి రావడమే ఇబ్బంది.

సానుభూతి దగ్గర అందరూ తడబడతారు, మార్కులు వేసేవాళ్ళతో సహా. "అమ్మా", "అండీ" అని మెత్తగా మాట్లాడితే 3, 4 వేసేయాలనిపిస్తుంది. మెత్తదనం మర్యాద. సానుభూతికి మేము చూసేది వేరు: పేషెంట్ ఒక భయం బయటపెట్టినప్పుడు విద్యార్థి దాన్ని విన్నాడా, దానికి పేరు పెట్టాడా, దాని గురించి ఇంకొంచెం అడిగాడా, దానికి జవాబిచ్చాడా. అందుకే క్యాన్సర్ మాటను స్క్రిప్టులో తప్పనిసరి చేశాం. ఈ అబ్బాయి ఏమన్నాడంటే, "అబ్బే, అలాంటిదేం లేదండీ, మీరేం భయపడకండి."

దీనిలో రెండు తప్పులున్నాయి, రెండు చోట్ల లెక్కకొస్తాయి. మెథోట్రెక్సేట్ క్యాన్సరుకు వాడే మందే, అక్కడ డోసు చాలా ఎక్కువ. "అలాంటిదేం లేదు" అన్నది అబద్ధం, కాబట్టి కచ్చితత్వంలో అర మార్కు కోత. "భయపడకండి" అన్నది భయాన్ని వినడం కాదు, తలుపు వేసేయడం. సత్యవతి ఇంటికెళ్ళి మళ్ళీ ఫోన్ చూస్తుంది, అక్కడ క్యాన్సర్ అనే ఉంటుంది, ఇక ఫార్మసిస్టు చెప్పిన మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. మేము 4 వేసే జవాబు ఇలా ఉంటుంది: "అది చూసి కంగారుపడి ఉంటారు. నిజమే, క్యాన్సరుకూ ఇదే మందు వాడతారు, కానీ చాలా పెద్ద డోసులో. మీకు రాసింది చాలా తక్కువ డోసు, కీళ్ళ వాపు తగ్గడానికి. ఇంకా ఏమైనా చదివారా?" ఈ ఆఖరి ప్రశ్న లేకపోతే 3. అబ్బాయికి సానుభూతి 1 పడింది. ఆ ఒక్కటీ మధ్యలో సత్యవతి వేళ్ళు నొక్కుకుంటుంటే, "పొద్దున్నే బిగుసుకుపోతున్నాయా అండీ?" అని ఆగి అడిగినందుకు.

ఇక కచ్చితత్వం. రక్తపరీక్షల మాటే ఎత్తలేదు, ఒక మార్కు పోయింది. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, డోసు కుదురుకున్నాక రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, లివరు, కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలని చెప్పాలి. పరీక్ష లేకుండా ఈ మందు నెలలతరబడి తెచ్చుకుంటూ పోయేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇది వదిలేసే విషయం కాదు. వేరే మందుల దగ్గర, "నొప్పి మాత్రలు ఏవీ వాడకూడదు" అన్నాడు. ఇది అతి. కీళ్ళవాతానికి డాక్టర్లే తక్కువ డోసు మెథోట్రెక్సేట్‌తోపాటు నొప్పి మాత్ర రాస్తుంటారు, కిడ్నీ పరీక్షలు చూసుకుంటూ. సరైన మాట, "సొంతంగా షాపులో కొనుక్కోవద్దు, డాక్టరుకు చెప్పి రాయించుకోండి." నొప్పి మాత్రకంటే గట్టిగా చెప్పాల్సిన పేరు ఇంకొకటుంది: మూత్రంలో మంటకు షాపుల్లో తేలిగ్గా ఇచ్చే కోట్రైమోక్సజోల్. అది మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. "ఏ మాత్ర కొనేటప్పుడైనా వారానికోసారి ఈ మందు వేసుకుంటున్నానని చెప్పండి" అన్నా చాలు. అతనికి ఇక్కడ అర మార్కు.

గర్భం విషయంలో మాత్రం, సరైన ప్రశ్న అడక్కపోయినా, "ఈ మందు వాడినన్నాళ్ళూ గర్భం రాకుండా చూసుకోవాలి. పిల్లలు కావాలనుకుంటే చాలా ముందుగానే డాక్టరుకు చెప్పాలి, వాళ్ళు ఆపమన్నాకే" అన్నాడు. కాబట్టి కచ్చితత్వంలో ఆ మార్కు పూర్తిగా ఇచ్చాం, ప్రశ్నల్లో ఇవ్వలేదు. ఒకే సంగతికి రెండు చోట్ల రెండు రకాల మార్కులు పడటం చూసి విద్యార్థులు అన్యాయమంటారు. చెప్పడం వేరు, కనుక్కోవడం వేరు. అడిగి ఉంటే, మొదటి డోసు వేసుకోకముందే ఆ రోజే డాక్టరుతో మాట్లాడమని పంపించేవాడు.

మొత్తానికి ఎనిమిదిలో రెండు పోయి 6. మొదటి పరీక్షకులు వేసినది అదే. రెండో పరీక్షకులు వేసినది 2. తేడా అంతా చివరి నిమిషంలో ఉంది.

చాలామంది "అర్థమైందా అండీ?" అని ముగిస్తారు. ఆ ప్రశ్నకు సత్యవతి జవాబు ఎప్పుడూ ఒకటే: "ఆ, అర్థమైందండి." ఈ అబ్బాయి అలా చేయలేదు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్ళి ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అన్నాడు. పేషెంట్‌ను పరీక్షిస్తున్నట్టు కాకుండా తప్పు తన మీదే వేసుకుని అడగడం చక్కటి పద్ధతి. ఇలా అడిగినవాళ్ళకు మాత్రమే సత్యవతి స్క్రిప్టులో ఒక తప్పు జవాబు ఉంది. "ఆదివారం ఆరు వేసుకుంటా. సోమవారం ఆ పచ్చ మాత్ర. మధ్యలో నొప్పి మరీ ఎక్కువైతే దీన్లోంచే ఒకటి." నొప్పి తగ్గించే మందని నమ్మిన పేషెంట్ నోట సహజంగా వచ్చే మాటే ఇది. అబ్బాయి అప్పటికే తల ఊపుతున్నాడు. "కరెక్టండీ, చాలా బాగా చెప్పారు" అని నమస్కారం పెట్టి లేచాడు.

మొదటి పరీక్షకుల వాదన ఇది: అతనికి విషయం తెలుసు, కవరు మీద రాశాడు, నోటితో చెప్పాడు, ఆఖరి మాట వినిపించుకోలేదంతే, టైము అయిపోతోందన్న కంగారు. ఇందులో నిజముంది. కానీ తెలుసో లేదో తేల్చడానికి వైవా ఉంది, రాత పరీక్ష ఉంది. ఇక్కడ కొలిచేది వేరే. విద్యార్థి బయటికి వెళ్ళగానే మేము పేషెంట్‌ను ఒక్క ప్రశ్న అడుగుతాం: ఇంటికెళ్ళి ఈ మందు ఎలా వేసుకుంటారు? ఆమె తన పాత్రలోనే ఉండి, విన్నదాని ప్రకారం చెప్పాలి. సత్యవతి, "ఆదివారం ఆరు, నొప్పి వచ్చినరోజు ఒకటి, ఆయన కరెక్టే అన్నారు గదా" అంది. ఇద్దరి కాగితాల్లోనూ ఆ "కరెక్టండీ" అన్న మాట రాసి ఉంది. ఇక వాదించుకోవడానికి ఏమీ మిగల్లేదు. వివరణ 3, ప్రశ్నలు 2, సానుభూతి 1, కచ్చితత్వం 2. మొత్తం 8, మళ్ళీ పరీక్ష.

పేషెంట్ చేత తిరిగి చెప్పించుకోవడం తెలిసినందుకు అదనంగా ఏమైనా ఇవ్వాలా అన్నది ఇంకో చర్చ. ఆ మార్కు వివరణలోని 3లో ఇప్పటికే ఉంది. అడిగి, వచ్చిన జవాబు వినకపోవడం అడగకపోవడంకంటే ప్రమాదమని నా అభిప్రాయం. తప్పుడు పద్ధతికి తెల్లకోటు వేసుకున్న మనిషి ముద్ర పడుతుంది.

ఫీడ్‌బ్యాక్ రెండు నిమిషాలే. అందులో మార్కులు చెప్పం. ముందు సత్యవతి చివరి జవాబును ఆమె నోటితోనే మళ్ళీ చెప్పిస్తాం. చాలామందికి అక్కడే తెలిసిపోతుంది, మొహం మారిపోతుంది. తర్వాత కాగితంలో రాసుకున్న వాళ్ళ మాటలు రెండు చదువుతాం, ఒకటి బాగున్నది, ఒకటి మార్చుకోవాల్సింది. "కాన్ఫిడెన్స్ పెంచుకో" లాంటి సలహాలు ఇవ్వం. ఈ అబ్బాయికి అసలు ఆ లోటే లేదు.

మళ్ళీ పరీక్షకు అదే మందు, వేరే స్క్రిప్టు. ఈసారి తప్పు జవాబు చివర్లో రాదు. "ఆరు మాత్రలు ఒకేసారి మింగలేను గదా, రోజుకొకటి చొప్పున వారంలో పంచుకుంటా" అని మూడో నిమిషంలోనే, మాత్రలు లెక్కపెడుతున్నప్పుడు, మామూలుగా అన్నట్టు అనేస్తుంది. తల వంచుకుని లెక్కపెట్టేవాళ్ళకు అది వినిపించదు.